పసుపు, బీట్‌రూట్, ఉల్లిపొట్టుతో ఈస్టర్ గుడ్లకి రంగు వెయ్యడం, టేబుల్ మీద సర్దడం: మొదటి గుడ్డు నుంచి చివరి ఆకు దాకా

ఈస్టర్ దగ్గర పడుతుంటే చాలు, ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "బీట్‌రూట్‌తో వేశానండీ, గులాబీ వస్తుందనుకుంటే మట్టి రంగొచ్చింది, ఏం తప్పు చేశాను?" దీని వెనకాలే ఇంకోటి, "పసుపు వేస్తే మచ్చలు మచ్చలుగా వచ్చింది." ఉల్లిపొట్టు గురించి మాత్రం దాదాపు ఎవరూ అడగరు, ఎందుకంటే అది పెద్దగా ఫెయిల్ అవ్వదు. ఈ మూడింటిలో ఉల్లిపొట్టు నమ్మకస్తుడు, పసుపు కాస్త గారాబం చెయ్యాల్సిన రకం, బీట్‌రూట్ అలిగే రకం, అలా అనుకోండి. అందుకే ఇక్కడ బీట్‌రూట్ దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను, ఉల్లిపొట్టు దగ్గర త్వరగా దాటేస్తాను.

నేను ఒక డజను గుడ్ల లెక్క చెప్తాను. ఉల్లిపొట్టుకి 5, బీట్‌రూట్‌కి 4, పసుపుకి 3. శనివారం సాయంత్రం మొదలెడితే ఆదివారం పొద్దున్నకి టేబుల్ రెడీ అవుతుంది. గుడ్లు మాత్రం రెండు ఎక్కువ ఉడకబెట్టండి, ఒకటో రెండో పగలకుండా ఎవరింట్లోనూ జరగదు.

ఏమేం కావాలి

తెల్ల గుడ్లు 14. గోధుమ రంగు గుడ్లైతే వద్దని కాదు, పసుపు వాటి మీద తుప్పు కలిసిన బంగారు రంగుగా, ఉల్లిపొట్టు బాగా ముదురు గోధుమగా వస్తుంది, బాగానే ఉంటుంది. బీట్‌రూట్ మాత్రం గోధుమ పెంకు మీద గులాబీగా రానే రాదు. గులాబీ కావాలంటే తెల్లవి తీసుకోవడం తప్ప దారి లేదు.

ఉల్లిపొట్టు: పది పన్నెండు ఉల్లిపాయల మీద ఉండే ఎండు పొట్టు, నొక్కి కొలిస్తే 2 కప్పులు. ఇది అప్పటికప్పుడు దొరకదు కాబట్టి ఓ రెండు వారాల ముందు నుంచే వంటకి ఉల్లిపాయ కోసినప్పుడల్లా పొట్టు ఒక కాగితం సంచిలో వేసుకుంటూ ఉండండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, చెమ్మ పడితే బూజు వస్తుంది. లోపలి తడి పొరలు కలపకండి, వాటిల్లో రంగు ఉండదు.

బీట్‌రూట్ మీడియం సైజువి 2, పచ్చివి. పసుపు పొడి 3 పెద్ద చెంచాలు. తెల్ల వెనిగర్ ఒక చిన్న సీసా, 4 నుంచి 5 శాతం ఉండే మామూలుది చాలు. స్టీల్ గిన్నెలు రెండు, వెడల్పు మూతి ఉన్న లోతైన గాజు సీసాలు మూడు. అల్యూమినియం గిన్నె వాడకండి, వెనిగర్‌తో పడదు, రంగు కూడా నీరసంగా అవుతుంది. పాత తెల్ల గుడ్డ వడకట్టడానికి, గుడ్లు ఆరబెట్టడానికి ఏదైనా జాలీ స్టాండ్, పాత గుడ్ల అట్ట కూడా సరిపోతుంది. చివర్లో మెరుపుకి ఒక చెంచా వంట నూనె.

అలాగే ఉడకబెట్టని గుడ్డు పగలకొట్టినప్పుడు వచ్చే తెల్ల పెంకు ముక్కలు రెండు మూడు కడిగి పక్కన పెట్టుకోండి. ఎందుకో కింద చెప్తా, ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన పని అదే.

ఒకటో స్టెప్: గుడ్లు ఉడికించి కడగడం

గుడ్లు గిన్నెలో ఒకే వరసగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి వద్దు. పైన ఒక అంగుళం మునిగేలా చల్లటి నీళ్ళు పోసి, మెల్లగా మరిగించి, మరుగు వచ్చాక మంట తగ్గించి 10 నిమిషాలు ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డుని నేరుగా మరుగుతున్న నీళ్ళలో పడేస్తే పగుళ్ళు వస్తాయి, అందుకే చల్లనీళ్ళతోనే మొదలెట్టమంటున్నాను. అయ్యాక చల్లటి నీళ్ళలో చల్లార్చండి.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని. ప్రతి గుడ్డునీ ఓ చుక్క పాత్రల సోప్‌తో, వేళ్ళతోనే మెత్తగా రుద్ది కడిగి, బాగా నీళ్ళు పోసి, వెనిగర్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి. పెంకు మీద మన చేతి నూనె మరక ఉంటే అక్కడ రంగు పట్టదు, వేలిముద్ర ఆకారంలో తెల్లగా మిగిలిపోతుంది, పాతిక నిమిషాల పని అంతా పోతుంది. సోప్ మాత్రం పూర్తిగా పోవాలి. పసుపుకి సోప్ తగిలితే ఎర్రబడుతుందని మనందరికీ తెలుసు కదా, బట్టల మీద పసుపు మరక కడిగితే ఎర్రగా మారేది అదే. గుడ్డు మీద కూడా ఎర్ర మచ్చ పడుతుంది.

ఇకపై గుడ్డుని అంచుల్లో పట్టుకోండి, లేకపోతే చెంచాతోనే ఎత్తండి.

రెండో స్టెప్: ఉల్లిపొట్టు రంగు

2 కప్పుల పొట్టు, 4 కప్పుల నీళ్ళు స్టీల్ గిన్నెలో వేసి మూత పెట్టి 25 నిమిషాలు మరిగించండి. నీళ్ళు గట్టి డికాషన్ రంగుకి వచ్చాయంటే చాలు. వడకట్టి, 2 పెద్ద చెంచాల వెనిగర్ కలపండి. నిజానికి ఉల్లిపొట్టు రంగు వెనిగర్ లేకపోయినా పడుతుంది, వెనిగర్ ఉంటే ఇంకాస్త గట్టిగా పడుతుంది అంతే.

5 గుడ్లు అందులో వెయ్యండి. అరగంటకి నారింజ రంగు, 2 గంటలకి ఇటుక రంగు, రాత్రంతా ఉంచితే ముదురు ఎరుపు గోధుమ. రాత్రంతా ఉంచేటట్టయితే గోరువెచ్చగా అయ్యాక సీసాలో మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. తూర్పు సంప్రదాయ చర్చిల్లో ఈస్టర్‌కి ఎర్ర గుడ్లు చేస్తారు, క్రీస్తు రక్తానికి గుర్తుగా, ఆ ఎరుపు కోసం చాలా ఇళ్ళల్లో వాడేది ఈ ఉల్లిపొట్టే.

ఇంకో పద్ధతి కూడా ఉంది. పచ్చి గుడ్లనే పొట్టుతో పాటు గిన్నెలో వేసి, 10 నుంచి 12 నిమిషాలు కలిపి ఉడికించడం. పొట్టు ఆనిన చోట ముదురుగా, ఆనని చోట లేతగా పాలరాయిలాగా వస్తుంది. సమంగా ఉండాలంటే మొదటి పద్ధతి, గీతలు గీతలుగా ఉండాలంటే ఈ రెండోది. నాకైతే ఒక డజన్లో రెండు ఇలా ఉంటే మొత్తం సెట్ బాగుంటుందనిపిస్తుంది.

ఆకు అచ్చు కావాలనుకునేవాళ్ళకి ఉల్లిపొట్టే బెస్ట్, పసుపులో అచ్చు అంత స్పష్టంగా కనపడదు. కొత్తిమీర రెమ్మ ఒకటి తీసుకుని తడి గుడ్డు మీద పరచండి, తడి ఉంటే అతుక్కుంటుంది. పైన పాత నైలాన్ సాక్స్ ముక్క బిగుతుగా చుట్టి వెనకాల దారంతో కట్టండి. బిగుతు సరిపోకపోతే ఆకు కిందకి రంగు దూరి అచ్చు అలుక్కుపోతుంది, వదులుగా ఉందేమో వేలితో నొక్కి చూడండి, ముడతలు పడకుండా ఉండాలి. రంగులోంచి తీశాక వెంటనే విప్పకండి. నీళ్ళు కారిపోయి పైన కాస్త ఆరాక విప్పండి. తడిగా విప్పితే ఆకు చుట్టూ ఉన్న రంగు నీళ్ళు తెల్ల భాగం మీదకి పారతాయి. నైలాన్ లేకపోతే గాజుగుడ్డ వాడొచ్చు, కానీ దాని గళ్ళు కూడా గుడ్డు మీద పడతాయి.

మూడో స్టెప్: పసుపు రంగు

పసుపులో అసలు ఇబ్బంది ఏంటంటే అది నీళ్ళలో సరిగ్గా కరగదు. పొడి అలాగే కింద చేరుతుంది, పైకి తేలుతుంది, గుడ్డు మీద ఇసకలా అతుక్కుంటుంది. మచ్చలు రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

3 కప్పుల నీళ్ళలో 3 పెద్ద చెంచాల పసుపు వేసి 15 నిమిషాలు సన్న మంట మీద మరిగించండి. దించాక ఓ అరగంట కదపకుండా వదిలెయ్యండి. మడ్డి కిందకి దిగుతుంది. పైన ఉన్న తేటని మెల్లగా వంచి, మడతపెట్టిన గుడ్డలోంచి వడకట్టండి. ఆ తర్వాత 2 పెద్ద చెంచాల వెనిగర్. ఇది కలిపితే పసుపు కాస్త ప్రకాశంగా, నిమ్మకాయ వైపుకి తిరుగుతుంది. వెనిగర్ వెయ్యకపోతే పసుపు నీళ్ళు గోధుమ వైపు తిరిగి డల్‌గా ఉంటాయి, పెంకు కూడా సున్నపు పదార్థమే కదా, దాని తగులుకి రంగు ఎర్రగోధుమ వైపు లాగుతుంది.

3 గుడ్లు సీసాలో వేసి పూర్తిగా మునిగాయో లేదో చూడండి. గంటకి లేత పసుపు, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మంచి పసిడి రంగు. ప్రతి అరగంటకీ ఒకసారి, కనీసం మొదటి రెండు గంటలు, చెంచాతో మెల్లగా తిప్పండి, ఒకే చోట మడ్డి పేరుకుపోకుండా. తీశాక పెంకు మీద పొడి ఉంటే చల్లటి నీళ్ళలో ఒక్కసారి ముంచి తియ్యండి, రుద్దకండి.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి, పసుపు ఎండకి వెలిసిపోతుంది. కిటికీ పక్కన టేబుల్ అయితే మధ్యాహ్నానికి వెలుగు తగిలిన వైపు ఒక రంగు, నీడ వైపు ఒక రంగు అవుతుంది.

నాలుగో స్టెప్: బీట్‌రూట్, ఇక్కడ నిదానంగా చదవండి

నా మొదటిసారి ఏం జరిగిందో చెప్తాను. రంగు బాగా దిగాలని ముక్కలు కోసి 50 నిమిషాలు మరిగించాను. గిన్నెలో నీళ్ళు చూస్తే ముదురు మెరూన్, చూడముచ్చటగా ఉంది. రాత్రి అందులోనే గుడ్లు వేసి బయటే వదిలేశాను, పొద్దున లేచి చూస్తే కాఫీ పొడి అద్దినట్టు బురద రంగు. గిన్నెలో రంగు గొప్పగా కనపడ్డంత మాత్రాన పెంకు మీద అదే వస్తుందనుకోవడం నా తప్పు.

కారణం ఇది. బీట్‌రూట్‌కి ఆ రంగునిచ్చే పదార్థం బీటనిన్, అది వేడికి తట్టుకోలేదు. ఎక్కువసేపు మరిగిస్తే అది విరిగి గోధుమ వైపు పోతుంది. వెలుతురు, గాలి కూడా దానికి పడవు. పులుపు ఉంటే మాత్రం కాస్త నిలబడుతుంది, కాబట్టి ఇక్కడ వెనిగర్ తప్పనిసరి, ఉల్లిపొట్టు లాగా మానెయ్యడానికి లేదు. మొత్తం మీద చెయ్యాల్సింది తక్కువ వేడి, ఎక్కువ పులుపు, చల్లదనం.

అందుకని ఇలా చెయ్యండి. 2 పచ్చి బీట్‌రూట్లు తొక్క తీసి తురమండి. ముక్కలకంటే తురుములోంచి రంగు త్వరగా దిగుతుంది, మరిగించాల్సిన అవసరం తగ్గుతుంది. 3 కప్పుల నీళ్ళు మరిగించి, మంట బాగా తగ్గించి, తురుము వేసి మూత పెట్టి 12 నుంచి 15 నిమిషాలు ఉంచండి, బుడగలు లేచి లేవనట్టు ఉండాలి, గలగలా మరగకూడదు. కట్టేసి పూర్తిగా చల్లారనివ్వండి. వడకట్టి, 3 పెద్ద చెంచాల వెనిగర్ కలపండి. కప్పు రంగు నీళ్ళకి ఒక పెద్ద చెంచా వెనిగర్ అని లెక్క గుర్తుంచుకుంటే చాలు, మూడింట్లోనూ ఇదే దాదాపు సరిపోతుంది.

ఇప్పుడు పక్కన పెట్టుకున్న పెంకు ముక్క. అసలు గుడ్లు వేసే ముందు ఆ తెల్ల ముక్కని ఈ నీళ్ళలో 15 నిమిషాలు ముంచి తీసి, టిష్యూ మీద ఆరబెట్టి చూడండి. ఆరాక లేత గులాబీగా ఉంటే రంగు సరిగ్గా తయారైనట్టే. గోధుమగా లేదా బూడిదగా ఉంటే మరగడం ఎక్కువైందని అర్థం, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ చేసుకోవాలి. కొత్త బీట్‌రూట్ తురమడం పది నిమిషాల పని, 4 గుడ్లు పాడుచేసుకోవడం కంటే నయం. ఈ పరీక్ష పసుపుకీ ఉల్లిపొట్టుకీ కూడా చేసుకోవచ్చు, కానీ బీట్‌రూట్‌కి మాత్రం వదలొద్దు. తడిగా ఉన్నప్పుడు చూసి నిర్ణయించకండి, తడి పెంకు ఎప్పుడూ ఒక మెట్టు ముదురుగా కనపడుతుంది, ఆరాక తగ్గుతుంది. చాలామంది "బాగుందే" అని తీసేసి, ఆరాక "ఇదేంటి వెలిసిపోయింది" అనేది ఇందుకే.

పరీక్ష సరిపోతే 4 గుడ్లు వేసి సీసాకి మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. 2 గంటలకి లేత గులాబీ, 5, 6 గంటలకి పొడిబారిన గులాబీ లాంటి ముదురు రంగు. బయట వదలొద్దు, ఇది రంగు కోసమే కాదు తినడానికి కూడా ముఖ్యం, ఆ సంగతి చివర్లో చెప్తా. రాత్రంతా ఉంచితే ముదురుగా వస్తుంది, కానీ గోధుమ వైపు వెళ్ళే ప్రమాదం ఉంది. నా అభిప్రాయంలో రాత్రి 10 గంటలకి తీసేసి ఆరబెట్టడమే మేలు.

వెనిగర్ ఎక్కువైందేమో ఎలా తెలుస్తుంది? గుడ్డు వేసిన వెంటనే పెంకు మీద చిన్న చిన్న బుడగలు అక్కడొకటి ఇక్కడొకటి కనపడితే మామూలే, పెంకులో సున్నం, వెనిగర్ కలిసి గ్యాస్ వస్తుంది. అదే సోడా గ్లాసులా వరసగా బుడగలు లేస్తుంటే ఎక్కువైనట్టు. అలా వదిలితే పెంకు పైపొర కరిగి సుద్దలా అవుతుంది, వేలితో తుడిస్తే రంగు పొడిపొడిగా చేతికొస్తుంది. ఒక కప్పు రంగు నీళ్ళు, లేకపోతే మామూలు నీళ్ళు కలిపి పలచన చెయ్యండి.

ఐదో స్టెప్: తియ్యడం, ఆరబెట్టడం

ఎక్కువ గుడ్లు పాడయ్యేది ఇక్కడే. చెంచాతో ఎత్తండి, జాలీ స్టాండ్ మీద పెట్టండి, వదిలెయ్యండి. టిష్యూతో తుడవాలనిపిస్తుంది, తుడవకండి. తడిగా ఉన్నప్పుడు రంగు ఇంకా పెంకుకి పూర్తిగా అతుక్కోదు, తుడిచిన చోటల్లా లేత గీత పడుతుంది, బీట్‌రూట్‌కి మరీ ఎక్కువ. కింద చుక్క పేరుకుంటే టిష్యూ కొసని ఆనించి పీల్చండి అంతే. ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే అరగంటలో ఆరతాయి.

పూర్తిగా ఆరాయో లేదో ఇలా చూడండి. తెల్ల టిష్యూని గుడ్డు మీద మెల్లగా ఆనించండి. టిష్యూ మీద రంగు రాకపోతే ఆరినట్టు. వస్తే ఇంకా ఆగండి, లేకపోతే టేబుల్ క్లాత్ మీద గులాబీ ముద్రలు పడతాయి, బీట్‌రూట్ మరక పోగొట్టడం వేరే కథ.

ఆరాక అరచేతిలో నూనె ఒక చుక్క రాసుకుని గుడ్డుని మెల్లగా తిప్పండి, చర్మంలా మెరుపు వస్తుంది. ఎక్కువ రాస్తే జిడ్డు. పసుపు, ఉల్లిపొట్టు గుడ్లకి నూనె బాగా నప్పుతుంది, బీట్‌రూట్‌కి నేను రాయను, రంగు లేచిపోతుందని భయం. కావాలంటే విడి పెంకు ముక్క మీద పరీక్షించుకుని రాయండి.

ఏది ఎందుకు తేడా కొట్టింది

గుడ్డు సగానికి ఒక గీత, పైన లేత, కింద ముదురు: మునగలేదు. సీసా లోతు చాలదు, లేకపోతే గుడ్డు పాతబడి తేలింది. పైన చిన్న స్టీల్ ప్లేట్ బరువు పెట్టండి.

గుండ్రటి తెల్ల చుక్కలు: గాలి బుడగలు అతుక్కుని రంగుని అడ్డుకున్నాయి. వేసిన ఐదు నిమిషాలకి ఒకసారి తిప్పితే పోతాయి.

రెండు గుడ్లు ఆనిన చోట లేత మచ్చ: ఇరుకు. సీసాకి మూడు గుడ్లకంటే ఎక్కువ పెట్టకపోవడమే మేలు, బీట్‌రూట్‌కి నాలుగు, ఉల్లిపొట్టుకి ఐదు పెట్టినా మధ్యలో తిప్పుతూ ఉండాలి.

వేలిముద్ర, నూనె మచ్చ: ఒకటో స్టెప్ వదిలేశారు. దాన్ని దాచడానికి ఆ వైపు కిందకి పెట్టడమే.

రంగు నచ్చని గుడ్డుని పారెయ్యకండి. పసుపు గుడ్డుని బీట్‌రూట్‌లో అరగంట ముంచితే లేత నారింజ కలిసిన గులాబీ వస్తుంది. బురద రంగు బీట్‌రూట్ గుడ్డుని ఉల్లిపొట్టులో గంటసేపు ఉంచితే ముదురు ఇటుక రంగు వస్తుంది, ఎవరికీ తెలీదు. ఉల్లిపొట్టు ఏ రంగునైనా కప్పేస్తుంది, కాబట్టి ఆ నీళ్ళు చివరిదాకా పారబొయ్యకండి.

ఆరో స్టెప్: టేబుల్ మీద సర్దడం

12 గుడ్లు ఒకే బుట్టలో కుమ్మరిస్తే బుట్ట నిండుతుంది కానీ ఒక్క గుడ్డూ కనపడదు. నేను మూడు చోట్ల పెడతాను. టేబుల్ మధ్యలో 7, రెండు పక్కలా కొంచెం దూరంలో ఒకవైపు 3, ఇంకోవైపు 2. రెండు పక్కలా ఒకే రంగువి కాకుండా వేరువేరు రంగుల గుడ్లు ఉండాలి, అలా ఉంటే ఒకవైపు అంతా పసుపు ఒకవైపు అంతా గులాబీ అనే భావన రాదు.

కింద పరిచే గుడ్డ తెల్లది కాకుండా పాలమీగడ రంగు, లేకపోతే గోనె రంగు ఎంచుకోండి. బాగా తెల్లటి గుడ్డ పక్కన ఈ సహజ రంగులు మురికిగా కనపడతాయి, ఇవి ముందే కొంచెం మసకవి. ముదురు పూలున్న గుడ్డ కూడా వద్దు, గుడ్లకి పోటీ అవుతుంది. మధ్యలో ఒక లోతు తక్కువ ప్లేట్, అందులో ఎండు గడ్డి గాని, సన్నగా కత్తిరించిన కాగితం గాని గూడులా పరవండి. గుడ్డు దొర్లకుండా కింద గడ్డిని వేలితో కొంచెం గుంట చెయ్యండి. గడ్డి దొరక్కపోతే చిన్న గిన్నె నిండా ఉప్పు పోసి అందులో గుడ్డు నిలబెట్టినా చక్కగా నిలబడుతుంది.

పచ్చదనం కొంచెమే పెట్టండి. నాలుగైదు ఆకుల రెమ్మలు, ఇటుక రంగు గుడ్ల మధ్య ముదురు ఆకుపచ్చ బాగా ఎత్తి చూపిస్తుంది, గులాబీ పక్కన తెల్ల పూలు. ఆకు అచ్చున్న గుడ్లని మనుషులు కూర్చునే వైపుకి తిప్పండి, మీరు నిలబడి చూసి కాదు, కుర్చీలో కూర్చుని చూసి సర్దండి. చూసే ఎత్తు మారితే అచ్చు కనపడకుండా పోతుంది. మధ్యలో పెట్టేది ఏదైనా ఒక జానెడు ఎత్తుకి మించితే ఎదురు కూర్చున్నవాళ్ళ మొహం కనపడదు.

కొవ్వొత్తులు పెట్టేవాళ్ళు గడ్డికి, ఎండు ఆకులకి దూరంగా, స్టాండ్‌లో, ప్లేట్ మీద పెట్టండి. వేడి పక్కన బీట్‌రూట్ గుడ్డు పెట్టొద్దని మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఎండ పడే చోట టేబుల్ ఉంటే కర్టెన్ వేసెయ్యండి, లేకపోతే అతిథులు వచ్చే గంట ముందు సర్దండి. రాత్రే సర్దిపెట్టుకోవాలనుకుంటే గుడ్లు తప్ప మిగతావన్నీ సర్దండి, గడ్డి, గుడ్డ, రెమ్మలు, పూలు. గుడ్లు ఫ్రిజ్‌లో ఉండనివ్వండి, పొద్దున పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే గాలిలో తేమకి గుడ్డు మీద చెమట పడుతుంది, అప్పుడు ముట్టుకుంటే రంగు వేళ్ళకొస్తుంది. తీశాక ఓ పావుగంట జాలీ మీద వదిలి, చెమట ఆరాక సర్దండి.

తినే గుడ్లు, చూసే గుడ్లు

ఉడికిన గుడ్డు బయట 2 గంటలకంటే ఎక్కువ ఉంటే తినకండి, బాగా వేడిగా ఉన్న రోజైతే గంటే. ఈ లెక్కలో ఫ్రిజ్ బయట రంగులో నానిన సమయం, ఆరబెట్టిన సమయం, టేబుల్ మీద ఉన్న సమయం అన్నీ కలుస్తాయి. అందుకే నేను మొదటి నుంచీ ఫ్రిజ్ ఫ్రిజ్ అంటున్నాను. తినాలనుకున్నవి ఫ్రిజ్‌లోనే ఉంచితే వారం దాకా బాగుంటాయి. పొద్దున నుంచి సాయంత్రం దాకా టేబుల్ మీద పెట్టాలనుకుంటే అవి చూడ్డానికి మాత్రమే అని ముందే నిర్ణయించుకోండి, ఆ గుడ్ల కింద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టండి, పొరపాటున ఎవరూ తినకుండా. పగుళ్ళున్నవి రంగులో వేశాక తినొద్దు, అవి కూడా చూడ్డానికే.

రోజుల తరబడి ఉంచాలంటే ఉడికించకుండా ఖాళీ పెంకు పద్ధతి ఉంది. పచ్చి గుడ్డు రెండు కొసల్లో సూదితో చిన్న రంధ్రాలు పెట్టి, ఒకవైపు కాస్త పెద్దది చేసి, పచ్చసొనని సూదితో కదిపి, చిన్న రంధ్రంలోంచి ఊదితే లోపలిది బయటికి వస్తుంది. పచ్చి గుడ్డు నోటికి తగలకుండా స్ట్రాతో ఊదండి, లోపల నీళ్ళు పోసి బాగా కడిగి, ఆరనివ్వండి. ఖాళీ పెంకు తేలుతుంది కాబట్టి రంగులో వేసేటప్పుడు లోపలికి కూడా రంగు నీళ్ళు నింపి ముంచితే మునుగుతుంది, తీశాక వంచి కార్చెయ్యండి. బయట ఆరడం కంటే లోపల ఆరడానికి ఎక్కువ టైం పడుతుంది, ఒక రోజు కొసమీద నిలబెట్టి ఉంచండి, లేకపోతే రంధ్రంలోంచి రంగు చుక్కలు కారి గుడ్డ మీద పడతాయి. ఎండకి బీట్‌రూట్ గులాబీ నాలుగు రోజులకే వెలిసిపోవచ్చు, ఎక్కువ రోజులు ఉంచాలంటే ఉల్లిపొట్టు గుడ్లే ఖాళీ పెంకులతో చెయ్యండి.

తినే గుడ్లు వొలిచినప్పుడు లోపల తెల్లసొన మీద సన్న గీతలుగా రంగు కనపడితే కంగారు పడకండి, పెంకులో కంటికి కనపడనంత సన్న సందుల్లోంచి దిగిన పసుపు, బీట్‌రూటే. ఉల్లిపొట్టు గీతలు కాస్త గోధుమగా ఉంటాయి, రుచి తేడా ఉండదు.